మొదటిసారి దొరికితే ఏం శిక్ష, అప్పీల్ ఎక్కడిదాకా పోతుంది

(ఇంగ్లండ్‌కు మాస్టర్స్ చదువుకు వెళ్తున్న విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రుల కోసం నల్లగొండలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మిర్యాలగూడ, దేవరకొండ నుంచి, అటు జడ్చర్ల, మహబూబ్‌నగర్ నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చినవాళ్లున్నారు. మీలో ఎక్కువమంది పోయేది ఇంగ్లండ్‌కు, ఏడాది మాస్టర్స్‌కు. అందుకని అక్కడి సంగతే చెబుతాను. అసైన్‌మెంట్‌లో కాపీ ఉందని మొదటిసారి ఉత్తరం వస్తే ఏం జరుగుతుంది, ఏ శిక్ష పడుతుంది, దాని మీద అప్పీల్ ఎట్లా నడుస్తుంది అన్నంతవరకే.

ముందుగా మన దగ్గరి రూల్ ఒకటి గుర్తుచేయాలి. ఇక్కడి నుంచి తీసుకుపోయే అపోహలు రెండూ దాని నుంచే పుడుతున్నాయి. యూజీసీ 2018లో కాపీ నిరోధక నిబంధనలు తెచ్చింది. థీసిస్‌లో పోలిక 10 శాతం లోపు ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 దాకా ఉంటే ఆరు నెలలు దాటకుండా సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి. 40 నుంచి 60 దాకా అయితే ఏడాదిపాటు మళ్లీ ఇవ్వనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. అయితే ఆ నిబంధనల్లోనే ఇంకో మాట ఉంది. అసైన్‌మెంట్లు, టర్మ్ పేపర్లు, ప్రాజెక్ట్ రిపోర్టులు వీటి కిందకు రావు. దాంతో మన పిల్లల మనసులో రెండు మాటలు నాటుకుపోయాయి: అసైన్‌మెంట్‌ను ఎవరూ పట్టించుకోరని, 10 శాతం లోపు ఉంటే ఏమీ కాదని. ఇంగ్లండ్‌లో ఈ రెండూ చెల్లవు. అక్కడ మార్కుల్లో పెద్ద వాటా అసైన్‌మెంట్లదే, కేసులూ ఎక్కువగా వాటి మీదే వస్తాయి. పోలికలు పట్టే సాఫ్ట్‌వేర్ టర్నిటిన్ చూపించే శాతం పోలికే తప్ప తీర్పు కాదు. 30 శాతం వచ్చినా తప్పు లేకపోవచ్చు, 6 శాతంలోనే దొంగిలించిన పేరా ఉండొచ్చు. చివరికి మనిషే కూర్చుని చదివి తేలుస్తాడు.

శిక్ష ఎట్లా లెక్కిస్తారో తెలిస్తే సగం భయం పోతుంది. అక్కడ ఏ యూనివర్సిటీ రూల్ దానిదే. కానీ 2010లో బ్రిటన్‌లో ఆంబర్ టారిఫ్ అని పాయింట్ల పట్టిక ఒకటి తయారైంది. కొన్ని యూనివర్సిటీలు దాన్నే తీసుకున్నాయి, కొన్ని మార్చుకుని వాడుతున్నాయి. వాడని చోట కూడా ఆలోచన తీరు దాదాపు ఇదే కాబట్టి దీన్నే ఉదాహరణగా పెట్టుకుందాం.

మొదటిసారి అయితే 100 పాయింట్లు, రెండోసారి అయితే 150. కాపీ అయిన భాగం 5 నుంచి 20 శాతం లోపు, లేదా రెండు పేరాలు దాటకుండా ఉంటే 105. 20 నుంచి 50 శాతం అయితే 130. మాస్టర్స్ స్థాయి కాబట్టి 140. మామూలు అసైన్‌మెంట్‌కు 30, డిసర్టేషన్ లాంటి పెద్ద పనికి 60. దొరక్కుండా ఉండాలని మాటలు అటూ ఇటూ మార్చినట్టు తేలితే ఇంకో 40. డబ్బులిచ్చి రాయించుకుంటే శాతంతో పని లేదు, దానికొక్కదానికే 225 పడతాయి. మొత్తం కలిపితే వచ్చే అంకెను బట్టి ఏ ఏ శిక్షలు వేయొచ్చో పట్టికలో ఉంటుంది.

ఒక కేసు ఊహించుకుందాం. మన జిల్లా అమ్మాయి ఒకరు, 3,000 మాటల అసైన్‌మెంట్ ఇచ్చింది. టర్నిటిన్ 27 శాతం చూపింది, అంటే 810 మాటలు. ఇదే మొదటిసారి. 100, 130, 140, 30 కలిపితే 400. 380 నుంచి 479 మధ్యలో పడితే పట్టికలో రెండే దారులు. ఒకటి, ఆ అసైన్‌మెంట్‌కు సున్నా వేసి మళ్లీ రాయనిస్తారు, కానీ మార్కుకు హద్దు పెడతారు లేదా తగ్గిస్తారు. హద్దు సాధారణంగా పాస్ మార్కు, మాస్టర్స్‌లో అది 50. రెండోది, సున్నా వేసి మళ్లీ రాసే అవకాశమే ఇవ్వరు.

ఉత్తరంలో రెండూ ఒక్క వాక్యమే, కానీ వాటి మధ్య ఎంత దూరముందో లెక్కేసి చూడండి. ఆ మాడ్యూల్‌లో, అంటే ఆ సబ్జెక్టులో, అసైన్‌మెంట్‌కు 60 శాతం, పరీక్షకు 40 శాతం వాటా అనుకుందాం. అమ్మాయికి పరీక్షలో 65 వచ్చాయి, అంటే మాడ్యూల్‌లోకి 26 చేరతాయి. అసైన్‌మెంట్ మళ్లీ రాసి 50 తెచ్చుకుంటే ఇంకో 30 కలిసి 56 అవుతాయి, పాస్. మళ్లీ రాయనివ్వకపోతే 26 దగ్గరే ఆగిపోతుంది, మాడ్యూల్ పోతుంది. తర్వాతి ఏడాది దాన్ని మళ్లీ చదవాల్సి వస్తే ఫీజు, వీసా గడువు రెండూ నెత్తిన పడతాయి. "సున్నా అయితే వేశారు, ఇంక తేడా ఏముంది" అని ఊరుకోకూడదు.

ఇప్పుడు అదే కేసును ఇంకొంచెం దగ్గరగా చూద్దాం. ఆ 810 మాటల్లో 310 మాటలు రిఫరెన్సుల జాబితా, ప్రశ్నపత్రం నుంచి దించిన ప్రశ్న, కోట్ గుర్తుల్లో పెట్టి మూలం చెప్పిన వాక్యాలు. నిజంగా మూలం చెప్పకుండా ఎత్తుకున్నది రెండు పెద్ద పేరాలు, 500 మాటలు. అంటే సుమారు 17 శాతం. అప్పుడు 130 బదులు 105 పడతాయి, మొత్తం 375. మెట్టు మారిపోయింది. 330 నుంచి 379 మెట్టులో, మళ్లీ రాయనివ్వకుండా సున్నా వేయడమన్న శిక్షే లేదు. తప్పు ఉన్నమాట నిజమే, దాన్ని ఒప్పుకోవాలి కూడా. కానీ తప్పు ఎంతో అంతకే శిక్ష పడాలి.

ఈ మాట చెప్పాల్సిన చోటు అప్పీల్ కాదు, మొదటి విచారణ. మనవాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. యూనివర్సిటీ ఈమెయిల్‌కు ఆరోపణ వస్తుంది. దానితో పాటు ఆధారాలు, సమావేశం తేదీ ఉంటాయి. భయపడి ఆ మెయిల్ తెరవకుండా వదిలేస్తే నీవు లేకుండానే నిర్ణయం తీసుకుంటారు. తెరిచిన రోజే టర్నిటిన్ రిపోర్టు పూర్తి కాపీ అడగాలి, రంగులు పడిన ప్రతి వాక్యాన్నీ ఒక పట్టికలో రాసుకోవాలి: ఇది రిఫరెన్స్, ఇది కోట్, ఇది నేను చేసిన తప్పు అని. డ్రాఫ్టులు, నోట్సు, ఫైల్ పాత వెర్షన్లు అన్నీ భద్రపరచాలి. తప్పు చేశావని చూపించాల్సిన బాధ్యత యూనివర్సిటీదే. కానీ కోర్టులో క్రిమినల్ కేసులో లాగా "సందేహానికి తావు లేకుండా" చూపాల్సిన పని లేదు, "జరిగి ఉండటానికే ఎక్కువ అవకాశం ఉంది" అని తేలితే చాలు. కాబట్టి ఊరికే "నేను చేయలేదు సార్" అంటే నిలబడదు, కాగితం కావాలి.

దాదాపు ప్రతి యూనివర్సిటీలో స్టూడెంట్స్ యూనియన్ ఉంటుంది. వాటిలో చాలావాటికి సలహా విభాగం ఉంది. అది యూనివర్సిటీ చెప్పుచేతల్లో ఉండదు, డబ్బు తీసుకోదు. చాలాచోట్ల విచారణకు తోడుగా కూడా వస్తారు. ఇక్కడి కన్సల్టెన్సీతో సంజాయిషీ రాయించుకోవడం కంటే అది వెయ్యి రెట్లు నయం. ఒకే మూసలో రాసిన సంజాయిషీలు విచారణ చేసే ప్యానెల్‌కు చదవగానే తెలిసిపోతాయి. దొంగ మెడికల్ సర్టిఫికెట్ పెడితే ఇంకా ఘోరం, అది విడిగా రెండో నేరమవుతుంది.

ఒకే ఇంట్లో నలుగురు ఉండేవాళ్లకు ఇంకో మాట. ఫ్రెండ్ అడిగాడని వాట్సాప్‌లో అసైన్‌మెంట్ పంపితే, తీసుకున్నవాడి మీదే కాదు, ఇచ్చినవాడి మీద కూడా కేసు వస్తుంది.

నిర్ణయం వచ్చాక అప్పీల్. దీని గడువు చాలాచోట్ల 10 పనిదినాలే. మీ ఉత్తరంలో ఎంత ఉందో చూసి ఆ తేదీ గోడకు రాసిపెట్టుకోండి. అప్పీల్ అంటే కేసు మళ్లీ మొదటి నుంచి వినడం కాదు. సాధారణంగా మూడు ఆధారాల మీదే తీసుకుంటారు: విచారణ పద్ధతిలో లోపం, అప్పట్లో చూపించలేకపోయిన కొత్త ఆధారం, నిర్ణయించినవాళ్లలో పక్షపాతం. శిక్ష తప్పుకు మించి ఉందన్నదాన్ని కొన్నిచోట్ల నాలుగో ఆధారంగా ఒప్పుకుంటారు. "మా నాన్న అప్పు చేసి పంపాడు" అన్నది నిజమే, ఆ బాధ ఈ గదిలో అందరికీ తెలుసు. కానీ వీటిలో దేని కిందకూ రాదు, అదొక్కటే రాస్తే మొదటి పరిశీలనలోనే తిప్పి పంపుతారు. నాన్న ఆసుపత్రిలో ఉన్నాడన్నది కొత్త ఆధారం కాగలదు. అయితే తేదీలున్న కాగితం, అది తెలుగులో ఉంటే ఇంగ్లిష్ అనువాదం, మొదటి విచారణలో ఎందుకు చెప్పలేకపోయావన్న కారణం, ఈ మూడూ ఉండాలి.

మన కేసులో అమ్మాయి విచారణలో తన వాక్యాల పట్టిక ఇచ్చింది. ప్యానెల్ మాత్రం ఉత్తరంలో 27 శాతమే రాసి, మళ్లీ రాసే అవకాశం లేకుండా సున్నా వేసింది. పట్టిక ఊసే లేదు. అప్పుడు అప్పీల్‌లో నాలుగే వాక్యాలు చాలు. ఫలానా తేదీన ఈ పట్టిక ఇచ్చాను. ఇందులో 310 మాటలు కాపీ కాదని చూపించాను. నిర్ణయ పత్రంలో దీని మీద ఒక్క మాటా లేదు, తేలికైన శిక్ష ఎందుకు సరిపోదో కూడా చెప్పలేదు. కాబట్టి కొత్త ప్యానెల్ మళ్లీ చూడాలి. ఇది పద్ధతిలో లోపం. అదే పట్టిక విచారణలో ఇవ్వకుండా అప్పీల్‌లో మొదటిసారి పెట్టి ఉంటే, "అప్పుడే ఎందుకు ఇవ్వలేదు" అన్న ప్రశ్న దగ్గరే కేసు ఆగిపోయేది.

అప్పీల్‌ను ముందు, ఆ కేసుతో సంబంధం లేని ఒకరు పరిశీలిస్తారు. పస ఉంటే ప్యానెల్‌కు పోతుంది. అక్కడ ఒప్పుకుంటే శిక్ష మారుస్తారు, లేదా కొత్తవాళ్లతో మళ్లీ విచారణ పెడతారు. ఈలోగా రీసబ్మిషన్ గడువు ఏదైనా ఇచ్చి ఉంటే, అది ఆగిందని రాతపూర్వకంగా చెప్పేదాకా ఆగనట్టే లెక్క. అప్పీల్ నడుస్తున్నా రాసి ఇచ్చేయాలి.

లోపలి దారులన్నీ అయిపోయాక యూనివర్సిటీ "కంప్లీషన్ ఆఫ్ ప్రొసీజర్స్ లెటర్" అని ఒకటి ఇస్తుంది. ఇవ్వకపోతే అడిగి తీసుకోవాలి. దాని తేదీ నుంచి 12 నెలల లోపు ఓఐఏకు, అంటే ఆఫీస్ ఆఫ్ ది ఇండిపెండెంట్ అడ్జుడికేటర్‌కు ఫిర్యాదు చేయొచ్చు. ఇది ఇంగ్లండ్, వేల్స్ యూనివర్సిటీలకు 2004 హయ్యర్ ఎడ్యుకేషన్ చట్టం కింద ఉన్న వ్యవస్థ. స్కాట్లండ్‌లో దారి వేరు, అక్కడ పబ్లిక్ సర్వీసెస్ అంబుడ్స్‌మన్ దగ్గరికి పోవాలి. ఓఐఏకు విద్యార్థి కట్టాల్సిన ఫీజు లేదు. ఇండియాకు తిరిగొచ్చాక కూడా ఇక్కడి నుంచే ఆన్‌లైన్‌లో పంపొచ్చు. అయితే వాళ్లు మార్కులు మార్చరు. మీ పనికి ఎంత విలువ అన్న అధ్యాపకుల నిర్ణయంలో వేలు పెట్టరు. రూల్ పాటించారా, ఆధారాలు చూశారా, కారణాలు చెప్పారా, శిక్ష సమంజసమేనా అన్నవే చూస్తారు. ఫిర్యాదు న్యాయమైనదని గానీ, కొంతవరకే న్యాయమని గానీ, కాదని గానీ తేలుస్తారు. న్యాయమైనదైతే చాలావరకు కేసును మళ్లీ విచారించమని యూనివర్సిటీకే తిప్పి పంపుతారు. దానికి నెలలు పట్టొచ్చు, ఆ నెలల్లో వీసా గడువు మాత్రం ఆగదు.

ఇక వీసా గురించి తల్లిదండ్రులు అడిగే ప్రశ్న. అసైన్‌మెంట్‌లో సున్నా పడినంత మాత్రాన వీసా పోదు. కోర్సు నుంచి తీసేస్తే మాత్రం యూనివర్సిటీ 10 పనిదినాల్లో అక్కడి ఇమిగ్రేషన్‌కు తెలపాలి, ఆ తర్వాత వీసా గడువును కుదించొచ్చు. మన కేసు లాంటి మొదటి తప్పుకు అంతదాకా రావడం అరుదు. అదే డిసర్టేషన్‌ను డబ్బులిచ్చి రాయించుకుంటే 100, 225, 140, 60 కలిపి 525. మొదటిసారే అయినా, కోర్సు నుంచి తీసేసే శిక్ష పట్టికలో మొదలయ్యే మెట్టు అదే.