పీఈ తక్కువైతే చవకేనా?

శ్రోతలకు నమస్కారం. గుంటూరు బ్రాడీపేటలో మా బాబాయ్ ఉంటారు, రిటైరయ్యాక షేర్ల మీద పడ్డారు. మొన్న ఫోన్ చేసి, "ఒరేయ్, రెండు కంపెనీలదీ ఒకటే వ్యాపారం, ఒకదాని పీఈ 12, రెండోదానిది పదిన్నర చిల్లర. తక్కువది కొనేస్తే పోలా?" అన్నారు. అప్పెంతుంది బాబాయ్ అనడిగితే, "అప్పుతో మనకేంటిరా, అది కంపెనీ కట్టుకుంటుందిగా" అన్నారు. ఇవాళ నేను మాట్లాడబోయేదంతా ఆ ఒక్క మాట గురించే.

పీఈ అంటే తెలిసిందే కదా, షేరు ధరని ఒక్కో షేరుకి వచ్చిన లాభంతో భాగించడం. పన్నెండంటే, ఏడాదికి రూపాయి లాభం తెచ్చే వాటాకి 12 రూపాయలు పెడుతున్నామని. అయితే ఆ లాభం అన్నీ పోగా మిగిలింది, అంటే బ్యాంకు వడ్డీ పోయాక, పన్ను పోయాక చివర్లో తేలింది.

ఇప్పుడు విజయవాడ పటమటలో ఒక ఫ్లాటు కొంటున్నారనుకోండి. ఓనరు చేతికి 30 లక్షలిచ్చారు, ఆయన తీసుకున్న హోమ్ లోన్ ఇంకా 50 లక్షలుంటే అది మీ మీద వేసుకున్నారు. ఫ్లాటు ఎంతకి కొన్నట్టు? 30 లక్షలకని ఎవరూ అనరు, 80 అనే అంటారు. బీరువాలో ఓనరు 5 లక్షలు మీకే వదిలేసి వెళ్లాడంటే 75 అనుకోవచ్చు. కంపెనీకీ ఇదే లెక్క. షేర్లన్నిటి మార్కెట్ విలువకి అప్పు కలిపి, చేతిలో ఉన్న నగదు తీసేస్తే వచ్చేదాన్ని ఎంటర్‌ప్రైజ్ వేల్యూ అంటారు, పొట్టిగా ఈవీ. దీన్ని వడ్డీ, పన్ను తీయకముందు వ్యాపారం మీద వచ్చిన లాభంతో, అంటే ఆపరేటింగ్ ప్రాఫిట్‌తో భాగిస్తాం. పైన అప్పిచ్చినవాడి వాటా, షేరుదారు వాటా రెండూ ఉన్నాయి కాబట్టి కిందా ఆ ఇద్దరూ పంచుకునే లాభమే ఉండాలి. ఈ జత కుదరకపోతే లెక్క మొత్తం చెడుతుంది.

కాగితం, పెన్ను దగ్గరుంటే తీసుకోండి, లేకపోయినా పర్లేదు, నెమ్మదిగానే చెబుతాను. మన మిర్చి నిల్వచేసే కోల్డ్ స్టోరేజీ కంపెనీలు రెండు ఊహించుకుందాం. రెండింటికీ ఏడాదికి ఆపరేటింగ్ ప్రాఫిట్ 10 కోట్లు, పన్ను నూటికి 25 అనుకుందాం. మొదటిదానికి అప్పే లేదు, నగదు నిల్వా లేదు. పన్ను పోగా ఏడున్నర కోట్లు మిగులుతుంది, మార్కెట్లో షేర్లన్నిటి విలువ 90 కోట్లు, పీఈ 12. రెండోదానికీ నగదు నిల్వ లేదు, 50 కోట్ల అప్పు మాత్రం ఉంది, నూటికి 10 చొప్పున వడ్డీ 5 కోట్లు. మిగిలిన ఐదులో పన్ను పోగా మూడు కోట్ల డెబ్బై ఐదు లక్షలు. దాని షేర్ల విలువ 40 కోట్లు. భాగిస్తే పది పాయింట్ ఏడు. బాబాయ్ చవక అన్నది దీన్నే.

ఈవీ చూడండి. మొదటిదానికి 90. రెండోదానికి 40కి 50 కలిపితే అదీ 90. ఆపరేటింగ్ ప్రాఫిట్‌కి రెండూ తొమ్మిది రెట్లే. ఒకే గిడ్డంగి, ఒకే ధర, అప్పు ఉండటం వల్లే పీఈ తగ్గింది తప్ప ఎవరూ మీకు డిస్కౌంటు ఇవ్వలేదు.

అప్పుంటే పీఈ ఎప్పుడూ తగ్గుతుందనీ అనుకోకండి, చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. అప్పుకీ ఒక పీఈ లాంటిది ఉంటుంది. నూటికి 10 వడ్డీ, దానివల్ల తగ్గే పన్ను పోను ఏడున్నర పడుతుంది. వందని ఏడున్నరతో భాగిస్తే పదమూడు చిల్లర. అప్పులేని కంపెనీ పీఈ ఈ పదమూడు కంటే తక్కువుంటే, అప్పు కలిశాక ఇంకా తగ్గుతుంది. ఎక్కువుంటే అప్పు దాన్ని ఇంకా పైకి తోస్తుంది. మార్కెట్ ఊపులో ఆ రెండు కంపెనీల ఈవీ 180 కోట్లకి వెళ్లిందనుకోండి, అప్పులేనిదాని పీఈ 24 అవుతుంది, అప్పున్నదాని షేర్ల విలువ 130, పీఈ దాదాపు 35. నిన్న చవగ్గా కనిపించిన కంపెనీయే ఇవాళ ఖరీదుగా కనిపిస్తుంది, లోపల వ్యాపారం మాత్రం ఇసుమంతైనా మారలేదు.

పంట తగ్గి, బస్తాలు సగమే నిండి, ఆపరేటింగ్ ప్రాఫిట్ 7 కోట్లకి పడిందనుకోండి. మొదటి కంపెనీకి ఐదుంపావు కోట్లు మిగులుతాయి, అంటే నూటికి 30 తగ్గింది. రెండోదానికి వడ్డీ మాత్రం అదే ఐదు, మిగిలిన రెండులో పన్ను పోతే కోటిన్నర. నూటికి 60 తగ్గింది. ఆ తక్కువ పీఈలో ఈ టెన్షన్ కూడా కలిసే ఉందన్నమాట.

ఇక ఆ లాభంలో ఏముందో చూడాలి. పాత గోడౌను స్థలం అమ్మితే వచ్చిన డబ్బు ఆ ఏడాది లాభంలో కలుస్తుంది, పీఈ చటుక్కున పడిపోతుంది. ఆ స్థలం మళ్లీ అమ్మలేరు కదా. ఫిక్స్‌డ్ డిపాజిట్ల వడ్డీ కూడా అంతే, ఈవీలో నగదు తీసేశాం కాబట్టి దాని వడ్డీని కూడా ఆపరేటింగ్ ప్రాఫిట్‌లోంచి తీసేయాలి. లాభనష్టాల పట్టికలో "ఇతర ఆదాయం" అనే వరుస దగ్గర ఒక్క నిమిషం ఆగండి.

తరుగుదల కూడా తీయకముందు లాభాన్ని ఎబిట్డా అంటారు, ఈవీని దానితో భాగించడమే ఎక్కువ వాడుకలో ఉంది. కోల్డ్ స్టోరేజీకి నాకది అంతగా నచ్చదు. అమ్మోనియా కంప్రెసర్లు అరుగుతాయి, ఎప్పటికైనా మార్చాల్సిందే, ఆ ఖర్చు లేదనుకుంటే ఎలా? అందుకే నేను తరుగుదల పోయాక వచ్చిన అంకె మీదే లెక్క వేశాను.

ఈవీకీ ఒక లొసుగుంది. బ్యాలెన్స్ షీటులో కనిపించే అప్పు మార్చి 31న ఒక్కరోజు ఉన్న అప్పు. ఆ నాటికి కాస్త తీర్చేసి ఏప్రిల్లో మళ్లీ తెచ్చుకుంటే మనకి తెలిసేదెలా? వడ్డీ ఖర్చు చూడండి. ఏడాదికి 5 కోట్లు వడ్డీ కట్టి, అప్పు మాత్రం 20 కోట్లే అని చూపిస్తే, నూటికి 25 వడ్డీ పడినట్టు. అంత వడ్డీకి ఏ బ్యాంకూ ఇవ్వదు, అంటే ఏడాది పొడుగునా అప్పు ఇంకా ఎక్కువే ఉండి ఉండాలి. అప్పుడు మామూలు బ్యాంకు వడ్డీ రేటు వేసి, వడ్డీ నుంచే అప్పుని వెనక్కి లెక్కగట్టుకోవాలి.

ఇదంతా చెప్పాక బాబాయ్‌కి హుషారొచ్చి, "అయితే నా దగ్గరున్న బ్యాంకు షేరుకి ఈవీ ఎంతరా?" అన్నారు. బ్యాంకుకి ఈ లెక్క పనిచెయ్యదు బాబాయ్, డిపాజిట్లు దానికి అప్పు కాదు, సరుకు, మిర్చి వ్యాపారికి మిర్చి ఎలాగో అలా. కట్టే వడ్డీయే దాని కొనుగోలు ఖర్చు, అది తీయకముందు లాభమనేది దానికి ఉండదు అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "సరే, ఆ రెండో కంపెనీ వడ్డీ ఎంతో చూసి చెబుతా" అని పెట్టేశారు.