వెయ్యి డాలర్ల ల్యాప్‌టాప్ తొంభై వేలకు ఎందుకు రాదు

[తెర మీద: అమెరికా సైట్‌లో ల్యాప్‌టాప్ పేజీ, ధర 1,000 డాలర్లు]

ఈ పేజీ స్క్రీన్‌షాట్ తీసి, గూగుల్‌లో డాలర్ రేటు చూసి, రెండూ గుణించి "ఇక్కడ లక్షా పదిహేను వేలు, అక్కడ తొంభై వేలే, మనల్ని దోచుకుంటున్నారు" అని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టేవాళ్లున్నారు కదా, ఈ వీడియో వాళ్ల కోసమే. గుణకారం తప్పని అనను. గుణించిన రేటు తప్పు, గుణించిన అంకె కూడా తప్పు.

దీన్ని బియ్యం బస్తాతో చెప్తాను, ఎందుకంటే లెక్క అచ్చం అలాగే నడుస్తుంది. మిల్లు గేటు దగ్గర బస్తాకు ఒక రేటు ఉంటుంది. అది నిజమైన రేటే. కానీ ఆ రేటుకు బస్తా మీ వంటింట్లోకి నడిచి రాదు. హమాలీ ఉంది, ఆటో కిరాయి ఉంది, మధ్యలో దలాలి ఉన్నాడు. గూగుల్ చూపించే డాలర్ రేటు మిల్లు గేటు రేటు. బ్యాంకులు పెద్ద మొత్తాల్లో తమలో తాము డాలర్లు కొనుక్కునే ధరకు అది దగ్గరగా ఉంటుంది. మీ కార్డుకు ఆ రేటు దొరకదు.

రేట్లు రోజూ మారతాయి కాబట్టి లెక్క కోసం గూగుల్ రేటు 90 రూపాయలు అనుకుందాం. మీరు చూసే రోజు ఎంతుంటే అంత వేసుకోండి, పద్ధతి మారదు. ల్యాప్‌టాప్ 1,000 డాలర్లు, హైదరాబాద్‌కు కొరియర్ ఖర్చు 50 డాలర్లు. సైట్ మీ కార్డు మీద వేసేది 1,050.

మొదటి హమాలీ కార్డు నెట్‌వర్క్. వీసా, మాస్టర్‌కార్డ్ తమ రేటు తామే వేస్తాయి, రోజూ తమ సైట్లలో పెడతాయి కూడా. అది గూగుల్ రేటు కంటే కాస్త ఎక్కువగా ఉండటం మామూలే. మన ఉదాహరణలో 90.40 అనుకుందాం. 1,050ని 90.40తో గుణిస్తే 94,920 రూపాయలు.

రెండో హమాలీ మీ బ్యాంకు. డాలర్లను రూపాయల్లోకి మార్చినందుకు ఇది తీసుకునే కూలి పేరు ఫారెక్స్ మార్కప్. చాలా మామూలు క్రెడిట్ కార్డుల మీద ఇది 3.5 శాతం. కొన్ని ప్రీమియం కార్డుల మీద 2 శాతం, అసలు మార్కప్ లేనివీ ఉన్నాయి. దాని మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. మొత్తం బిల్లు మీద కాదు, మార్కప్ మీద మాత్రమే. ఇక్కడ తడబడి ల్యాప్‌టాప్ ధర మొత్తానికి 18 శాతం కలిపేసేవాళ్లను చూస్తుంటాను. హమాలీ కూలి మీద పన్ను వేరు, బస్తా మీద పన్ను వేరు. బస్తా మీద పన్ను తర్వాత కస్టమ్స్‌లో వస్తుంది, దానికి తొందరపడకండి.

అంటే 3.5కు దాని మీద 18 శాతం కలిపితే 4.13 శాతం. ఈ ఒక్క అంకె గుర్తుపెట్టుకుంటే చాలు.

[తెర మీద]

```
1050 × 90.40 × 1.0413 = 98,840
```

కార్డు స్టేట్‌మెంట్‌లో ఇది ఒకే లైనులో కనిపించకపోవచ్చు. కొనుగోలు ఒక లైను, మార్కప్ ఇంకో లైను, జీఎస్టీ మరో లైను. కొన్ని బ్యాంకులు రెండు మూడు రోజుల తర్వాత వేస్తాయి. "94,920 అయింది, బాగుంది" అని మొదటి ఎస్సెమ్మెస్ చూసి సంబరపడితే మిగతా మూడు వేల తొమ్మిది వందలు తర్వాత వస్తాయి. ఇంకోటి: కార్డు స్వైప్ చేసిన రోజు రేటు ఒకటి, లావాదేవీ సెటిల్ అయిన రోజు రేటు ఇంకోటి. బిల్లులో పడేది మామూలుగా రెండోది.

ఇప్పుడు దలాలి సంగతి. చెల్లించే పేజీలో కొన్ని సైట్లు "INR లో చెల్లిస్తారా, USD లోనా" అని అడుగుతాయి. రూపాయల్లో కనిపిస్తే మనసుకు హాయిగా ఉంటుంది కాబట్టి చాలామంది INR నొక్కుతారు. దీన్నే డైనమిక్ కరెన్సీ కన్వర్షన్ అంటారు. మిల్లు గేటు బయట కూర్చుని "నేనే లెక్క కట్టిస్తాను లే బాబూ" అనే దలాలి ఇతనే. తన రేటులో తన వాటా ముందే కలిపేసుకుంటాడు, అది సాధారణంగా మీ బ్యాంకు మార్కప్ కంటే ఎక్కువ. పైగా అమ్మింది విదేశీ వ్యాపారి కాబట్టి, రూపాయల్లో కట్టినా కొన్ని బ్యాంకులు విడిగా ఫీజు వేస్తాయి. అంటే దలాలికీ ఇచ్చి, హమాలీకీ ఇస్తారు. USD నొక్కండి. మార్కప్ లేని కార్డు ఉంటే INR నొక్కడమంటే ఆ కార్డును చెత్తబుట్టలో వేయడమే.

సరే, డబ్బు వెళ్లింది. ఇప్పుడు బస్తా ఊరి పొలిమేరకు వచ్చింది. ఇక్కడ కాటా మారుతుంది.

కస్టమ్స్ వాళ్లు మీ కార్డు రేటు చూడరు, గూగుల్ రేటూ చూడరు. కస్టమ్స్ చట్టం సెక్షన్ 14 కింద దిగుమతులకు విడిగా మారకపు రేటు ప్రకటిస్తారు, లెక్క దానితోనే. మన ఉదాహరణలో అది 91 అనుకుందాం. మీరు నిజంగా చెల్లించింది 90.40 రేటుకైనా సరే, వాళ్ల కాటా వాళ్లదే.

తూచేది కూడా ఒక్క ల్యాప్‌టాప్‌నే కాదు. వస్తువు ధరకు రవాణా, బీమా కలిపిన విలువ మీద పన్ను. బీమా ఖర్చు పత్రాల్లో లేకపోతే 2007 కస్టమ్స్ వాల్యుయేషన్ నియమాల ప్రకారం వస్తువు ధరలో 1.125 శాతం అని లెక్కేస్తారు. రవాణా ఖర్చు తెలియకపోతే ఏకంగా 20 శాతం అని వేస్తారు. అందుకే "ఫ్రీ షిప్పింగ్" అని కనిపించిన ఇన్వాయిస్ చూసి పొంగిపోకండి. కొరియర్ చార్జీ ఇన్వాయిస్‌లో స్పష్టంగా రాసి ఉండటమే మీకు మంచిది.

మన లెక్కలో 1,000, రవాణా 50, బీమా 11.25. మొత్తం 1,061.25 డాలర్లు. 91తో గుణిస్తే 96,574 రూపాయలు.

ఇప్పుడు పన్ను. కస్టమ్స్‌లో ఒక్కో రకం వస్తువుకు ఒక్కో నంబరు ఉంటుంది, దాన్నే శీర్షిక అంటారు. ల్యాప్‌టాప్‌ది 8471. ఈ శీర్షిక కింద బేసిక్ కస్టమ్స్ డ్యూటీ సున్నా. ఇది వినగానే "ల్యాప్‌టాప్‌కు దిగుమతి సుంకం లేదట" అని ఫార్వర్డ్ చేస్తారు. సుంకం లేదు, ఐజీఎస్టీ ఉంది, 18 శాతం. ఇక్కడ షాపులో కొంటే బిల్లులో ఉండే జీఎస్టీ లాంటిదే, పొలిమేరలో వసూలు చేస్తారంతే. 96,574 మీద 18 శాతం అంటే 17,383.

ఇక కొరియర్ వాళ్లు మీ తరఫున ముందు పన్ను కట్టి, ఆ పనికి తమ చార్జీ, దాని మీద జీఎస్టీ వేస్తారు. ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. వెయ్యి, పైన 180 అనుకుందాం.

[తెర మీద: కార్డు 98,840, ఐజీఎస్టీ 17,383, కొరియర్ 1,180, మొత్తం 1,17,403]

వంటింటికి చేరిన ధర లక్షా పదిహేడు వేల నాలుగు వందలు. గూగుల్ లెక్క తొంభై వేలు. అంటే ఈ ల్యాప్‌టాప్‌కు మీరు ఒక్కో డాలర్‌కు 117 రూపాయలు ఇచ్చినట్టు. ఇక్కడి షాపు ధర 1,15,000 అయితే ఆ అంకెలో జీఎస్టీ ముందే కలిసి ఉంది, అమెరికా ధరలో ఏ పన్నూ లేదు. పన్ను లేని ధరను పన్ను ఉన్న ధరతో పోల్చి గోల చేయడం నాకు అసలు అర్థం కాని విషయం.

ఒక మెలిక ఉంది, ఇక్కడే చాలామంది బిల్లు చూసి ఉలిక్కిపడతారు. కొరియర్ వాళ్లు దాఖలు చేసే పత్రంలో మీ పార్సెల్‌ను 8471 కింద కాకుండా "వ్యక్తిగత వాడకం" శీర్షిక 9804 కింద పెట్టారనుకోండి. అప్పుడు బేసిక్ డ్యూటీ కూడా పడుతుంది. ఆ రేటు బడ్జెట్‌కు బడ్జెట్‌కు మారుతూ వచ్చింది, కాబట్టి లెక్క చూపించడానికి 10 శాతం అనుకుందాం. డ్యూటీ 9,657. దాని మీద పదో వంతు సోషల్ వెల్ఫేర్ సర్‌చార్జి, 966. ఇవన్నీ కలిపిన మొత్తం మీద మళ్లీ 18 శాతం, 19,295. మొత్తం 29,918. అదే వస్తువు, పన్నెండున్నర వేలు తేడా. పన్ను అడిగే మెసేజ్ రాగానే కట్టేయకండి. ముందు కొరియర్ వాళ్లు దాఖలు చేసిన ఆ పత్రం, అంటే బిల్ ఆఫ్ ఎంట్రీ, అడిగి తెప్పించుకుని, అందులో ఏ శీర్షిక ఉందో చూడండి. తప్పనిపిస్తే సరుకు విడుదలయ్యేలోపే కొరియర్ క్లియరెన్స్ విభాగంతో మాట్లాడాలి. కట్టాక వెనక్కి తెచ్చుకోవడం చాలా సుదీర్ఘమైన పని.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా.

డల్లాస్‌లో ఉన్న అన్నయ్యో బావగారో తెస్తున్నారా? అక్కడ బోర్డు ధర మీద సేల్స్ ట్యాక్స్ పడుతుంది, డల్లాస్‌లో 8.25 శాతం. వెయ్యి డాలర్లది 1,082.50 అవుతుంది. మీ కార్డే వాడితే అదే 90.40, అదే 4.13 శాతంతో 1,01,900 రూపాయలు. ఒరెగన్, డెలావేర్‌లో సేల్స్ ట్యాక్స్ లేదు, అక్కడ కొంటే అంత మేర తగ్గుతుంది. 18 ఏళ్లు నిండిన ప్రయాణికుడు తన సామానుతో ఒక ల్యాప్‌టాప్ తెస్తే దానికి కస్టమ్స్ డ్యూటీ లేదు. ఒకటి అంటే ఒకటే. తన వాడకానికి ఒకటి, మీకొకటి తెస్తే రెండోది లెక్కలోకి వస్తుంది. బావగారి సూట్‌కేసులో మూడు పెట్టించి ఆయన్ను డ్యూటీ కట్టాల్సిందేమీ లేనివాళ్లు వెళ్లే గ్రీన్ చానెల్లోకి పంపకండి, పాపం.

కొరియర్‌లో కూడా ఒకటే. 2023 ఆగస్టులో ల్యాప్‌టాప్ దిగుమతులకు లైసెన్సు పెట్టినప్పుడు, పోస్టులోనో కొరియర్‌లోనో వచ్చే ఒక్క యంత్రానికి మినహాయింపు ఇచ్చారు, పన్ను మాత్రం కట్టాలి. రెండు కలిపి ఆర్డర్ పెడితే ఆగిపోయే ప్రమాదం ఉంది.

"గిఫ్ట్ అని రాయించు, పన్ను పడదు" అని ఎవరైనా చెప్తే అది పాత మాట. 2019 డిసెంబరులో ఆ దారి మూసేశారు, రాఖీకీ ప్రాణరక్షక మందులకీ తప్ప. ధర తక్కువ వేయించినా సైట్‌లో అదే మోడల్ ధర అధికారి ఫోన్‌లోనూ కనిపిస్తుంది.

చివరిగా రిటర్న్. వస్తువు వెనక్కి పంపితే వ్యాపారి డాలర్లు తిరిగి ఇస్తాడు, కానీ అవి ఆ రోజు రేటుకు రూపాయలవుతాయి. మార్కప్, దాని మీద జీఎస్టీ సాధారణంగా తిరిగి రావు. ఐజీఎస్టీ కార్డుకు సంబంధించింది కాదు కాబట్టి ఆ రీఫండ్‌లో అసలే ఉండదు. ఆర్డర్ నొక్కే ముందు ఆ మోడల్ వారంటీ ఇండియాలో చెల్లుతుందో లేదో కంపెనీ సపోర్ట్ పేజీలో మోడల్ నంబర్ కొట్టి చూసుకోండి.