బీజీయ సంఖ్యల వరస, అందులో పట్టని సంఖ్యలు

అందరికీ నమస్కారం.

√2 మనందరికీ తెలిసిన సంఖ్యే. x² − 2 = 0 అనే సమీకరణానికి అది ఒక మూలం. (1 + √5)/2 అయితే x² − x − 1 = 0 కి మూలం. ఇలా పూర్ణాంకాలే గుణకాలుగా ఉన్న ఏదో ఒక బహుపదికి మూలమయ్యే సంఖ్యని బీజీయ సంఖ్య అంటాం. 3/7 లాంటివి కూడా ఇందులోవే, ఎందుకంటే 7x − 3 = 0 ఉండనే ఉంది. ఎంత పెద్ద బహుపది తెచ్చినా దేనికీ మూలం కాని సంఖ్యని బీజాతీత సంఖ్య అంటాం. ఈ రెండు రకాల్లో ఏవి ఎక్కువ అన్నదే ఇవాళ్టి ప్రశ్న.

1844లో లియువిల్ చూపించేదాకా బీజాతీత సంఖ్య ఒక్కటైనా ఉందని ఎవరూ రుజువు చేయలేదు. e అలాంటిదేనని 1873లో హెర్మిట్ నిరూపించాడు. π వంతు 1882లో గానీ రాలేదు, అది లిండెమన్ పని. ఒక్కో సంఖ్యకీ ఇంత కష్టపడాల్సి వచ్చిందంటే ఇవి చాలా అరుదైనవనే ఎవరికైనా అనిపిస్తుంది. నిజం దానికి సరిగ్గా తలకిందులు.

1873 నవంబరు చివర్లో కాంటర్ తన మిత్రుడు డెడెకిండ్‌కి ఉత్తరం రాశాడు. వాస్తవ సంఖ్యలన్నిటినీ 1, 2, 3 అంటూ వరసగా, ఒక్కటీ మిగలకుండా, నిలబెట్టగలమా అని అడిగాడు. ఆ ప్రశ్నకి డెడెకిండ్ దగ్గర జవాబు లేదు. కానీ బీజీయ సంఖ్యల వరకైతే నిలబెట్టవచ్చని రుజువుతో సహా తిరిగి రాశాడు. మరుసటి ఏడాది కాంటర్ అచ్చువేసిన వ్యాసంలో ఆ రుజువు ఉంది గానీ డెడెకిండ్ పేరు లేదు. ఆ సంగతి పక్కన పెట్టి రుజువు చూద్దాం.

మనకి మొదట తట్టే పద్ధతి పనిచేయదు. ముందు ఒకటో పరిమాణం బహుపదుల మూలాలు, తర్వాత రెండో పరిమాణానివి, ఆపైన మూడు అనుకుంటాం. ఒకటో పరిమాణంలోనే అనంతంగా ఉన్నాయి, అవి ఎప్పటికీ అయిపోవు. √2 వంతు ఎన్నో స్థానంలో వస్తుందని అడిగితే చెప్పలేం. వరస అన్నాక ప్రతి సంఖ్యకీ ఒక స్థానం ఉండాలి, అదీ 1, 2, 3 లాంటి మామూలు సంఖ్యే అయి ఉండాలి.

ఉపాయం ఏమిటంటే, పరిమాణాన్నీ గుణకాల సైజునీ కలిపి ఒకే కొలత చేయడం. బహుపది పరిమాణం n అయితే, n − 1 కి గుణకాలన్నిటినీ మైనస్ గుర్తులు తీసేసి కలపాలి. వచ్చిన మొత్తాన్ని దాని ఎత్తు అందాం. x² − 2 కి ఎత్తు 1 + 1 + 2, అంటే 4. ఎత్తు ఇంత అని బిగించేస్తే పరిమాణం దాన్ని మించదు, ఏ గుణకమూ మించదు. కాబట్టి ఆ ఎత్తున్న బహుపదులు పరిమితంగానే ఉంటాయి. n పరిమాణం బహుపదికి n కంటే ఎక్కువ మూలాలు ఉండవు కనక మూలాలూ పరిమితమే.

చేసి చూద్దాం. కారణాంకాలుగా విడిపోయే బహుపదులని తీసుకోం, వాటి మూలాలు చిన్నవాటిలోనే దొరుకుతాయి. వాస్తవ మూలాలనే లెక్కపెడదాం. ఎత్తు 1 అయితే x ఒక్కటే, మూలం 0. ఎత్తు 2 దగ్గర 1, −1 వస్తాయి. ఎత్తు 3 దగ్గర 2, −2, 1/2, −1/2. ఎత్తు 4 దగ్గర కథ మారుతుంది. 3, 1/3, వాటి రుణ సంఖ్యలు కలిపి నాలుగు. x² − 2 నుంచి రెండు, 2x² − 1 నుంచి రెండు. x² − x − 1, x² + x − 1 చెరో రెండు ఇస్తాయి. మొత్తం 12. అంటే ఎత్తు 4 ముగిసేసరికి 1 + 2 + 4 + 12, పంతొమ్మిది సంఖ్యలు వరసలో నిలబడ్డాయి. ఒకే ఎత్తున్నవాటిని చిన్నది ముందు, పెద్దది వెనక పెడితే √2 ది 17వ స్థానం. ఏ బీజీయ సంఖ్యకైనా దాని బహుపది ఉంటుంది, దానికో ఎత్తు ఉంటుంది, ఆ ఎత్తు దగ్గర దాని వంతు వచ్చి తీరుతుంది.

ఇక రెండో సగం. ఈ వరసలో లేని వాస్తవ సంఖ్య ఉందని చూపాలి. 1891 నాటి వికర్ణ పద్ధతి చాలామంది వినే ఉంటారు. 1874 వ్యాసంలో ఉన్నది అది కాదు, నాకు మాత్రం ఆ పాతదే ఎక్కువ ఇష్టం. 0 కీ 1 కీ మధ్య ఉన్న అంతరాన్ని తీసుకోండి. మన వరసలో నడుస్తూ అందులో పడే మొదటి రెండు సంఖ్యలు పట్టుకోండి. అవి 1/2, 1/3. ఇప్పుడు ఆ రెంటి మధ్య అంతరానికి దిగండి. మళ్ళీ వరసలో ముందుకి నడిస్తే అందులో పడే మొదటిది √2 − 1, అంటే 0.4142…, దాని ఎత్తు 5. రెండోది (√3 − 1)/2, అంటే 0.3660…, దాని ఎత్తు 6. ఇక ఈ రెంటి మధ్యకి దిగుతాం. ఇలా అంతరాలు ఒకదానిలో ఒకటి ఇరుక్కుంటూ పోతాయి. ఏ చిన్న అంతరంలోనైనా బీజీయ సంఖ్యలు ఉంటాయి కాబట్టి ఈ పని మధ్యలో ఆగదు.

ఎడమ చివరలు పెరుగుతూ, కుడి చివరలు తగ్గుతూ పోతాయి, అన్ని అంతరాల్లోనూ ఉండే సంఖ్య ఒకటి తప్పకుండా ఉంటుంది. వాస్తవ సంఖ్యలకి ఖాళీలు లేవన్న గుణం వాడుకునేది ఇక్కడే, అకరణీయ సంఖ్యల్లోనే ఉండిపోతే ఈ మాట చెల్లదు. ఆ సంఖ్య మన వరసలో ఉండగలదా? ఉంటే దానికో స్థానం ఉంటుంది. కానీ ప్రతి అడుగులోనూ వరసలో రెండేసి సంఖ్యలు చివరలుగా మారుతున్నాయి, దాటి వచ్చినవన్నీ బయటే ఉండిపోతున్నాయి. కొన్ని అడుగులయ్యాక ఆ స్థానాన్నీ దాటేస్తాం, అక్కడున్న సంఖ్య ఇక లోపల ఉండలేదు. కాబట్టి మనకి దొరికింది బీజాతీత సంఖ్య. కాంటర్ రుజువు ‘ఉంది’ అంటుందే తప్ప చూపించదని కొందరంటారు, అది సరికాదు. దొరికిన సంఖ్య 0.3660 కీ 0.4143 కీ మధ్య ఉందని ఇప్పుడే తెలిసింది, ఓపికుంటే ఇంకెన్ని స్థానాలైనా లెక్కగట్టవచ్చు.

ఇదే పని వాస్తవ సంఖ్యల ఏ వరస మీదైనా చేయవచ్చు కాబట్టి అవన్నీ ఏ ఒక్క వరసలోనూ పట్టవు. బీజీయ సంఖ్యలు వరసలో పట్టాయి కనక, మొదట్లో అడిగిన ప్రశ్నకి జవాబు తేలింది: వాస్తవ సంఖ్యల్లో చాలా భాగం బీజాతీతాలే. ఈ ‘చాలా భాగం’ అన్న మాటకి పొడవు కొలతతోనూ అర్థం చెప్పవచ్చు. వరసలో మొదటి సంఖ్యని 1/2000 పొడవున్న ముక్కతో కప్పండి, రెండోదాన్ని 1/4000 తో, మూడోదాన్ని 1/8000 తో. అన్ని ముక్కల పొడవులూ కలిపినా 1/1000 దాటదు. వెయ్యికి బదులు కోటి పెట్టినా ఇదే కథ. అంటే బీజీయ సంఖ్యలు రేఖ మీద ప్రతిచోటా కిక్కిరిసి ఉన్నా వాటి మొత్తం పొడవు సున్నా.

దీంతో ఒక్కో సంఖ్య సంగతి తేలిపోతుందనుకోవద్దు. e + π నే తీసుకోండి, అది బీజాతీతమో కాదో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. eπ గురించీ తెలియదు. అయితే రెండూ బీజీయం కావడం మాత్రం కుదరదు. అలా అయితే x² − (e + π)x + eπ గుణకాలన్నీ బీజీయ సంఖ్యలవుతాయి, అలాంటి బహుపది మూలాలు కూడా బీజీయ సంఖ్యలే అవుతాయి. ఆ మూలాలేమో e, π. కాబట్టి రెంటిలో ఒకటైనా బీజాతీతం, ఏదన్నది ఇంకా తేలలేదు.