మూత తెరవొద్దు: ఈవీ సర్వీస్ మాన్యువల్‌లో ఒక హెచ్చరిక తెలుగులోకి వచ్చిన తీరు

హోస్ట్: నమస్కారం, విశాఖపట్నం నుంచి మాట్లాడుతున్నాం. ఎలక్ట్రిక్ కార్ల సర్వీస్ మాన్యువళ్లను తెలుగులోకి తెచ్చే అక్క ఇవాళ మనతో ఉన్నారు. అక్కా, బ్యాటరీ ప్యాక్ అధ్యాయంలో మీకు ఎక్కువ పని పెట్టిన వాక్యం ఏది?

అక్క: థర్మల్ రన్‌అవే హెచ్చరిక తమ్ముడూ, అంటే బ్యాటరీ సెల్ తనంతట తానే వేడెక్కుతూ పోవడం గురించి. మొదటి ప్రతిలో ఇలా వచ్చింది: "థర్మల్ రన్‌అవే సంభవించే అవకాశం ఉన్నందున దెబ్బతిన్న బ్యాటరీ ప్యాక్‌ను తెరవడం, ఛార్జ్ చేయడం లేదా భవనం లోపల నిల్వ ఉంచడం చేయరాదు."

హోస్ట్: చదవడానికి బాగానే ఉంది కదా?

అక్క: కుర్చీలో కూర్చుని చదివితే బాగానే ఉంటుంది. గాజువాక ఆటోనగర్‌లో లిఫ్ట్ కింద నిలబడి చదివేవాడి సంగతి వేరు. మన వాక్యంలో క్రియ చివర్లో వస్తుంది. "తెరవడం, ఛార్జ్ చేయడం, నిల్వ ఉంచడం" అని చదువుతున్నంతసేపూ అవి చేయాల్సిన పనులేమో అనిపిస్తుంది. "చేయరాదు" అనేది చిట్టచివర వస్తుంది. ఈలోపు చెయ్యి స్పానర్ మీదికి పోతుంది. అందుకని ఆ వాక్యాన్ని ముక్కలు చేశాం. "మూత తెరవొద్దు. ఛార్జింగ్ పెట్టొద్దు. షెడ్డు లోపల ఉంచొద్దు." కారణం ఆ తర్వాత రాశాం.

హోస్ట్: థర్మల్ రన్‌అవేకి తెలుగు మాట పెట్టలేదా?

అక్క: "ఉష్ణ పలాయనం" అని ఒకరు సూచించారు. వర్క్‌షాప్‌లో దాన్ని విని ఎవరూ వెనక్కి జరగరు. "అతిగా వేడెక్కడం" అన్నది ఇంకో సూచన. నాకు దాంతోనే ఎక్కువ భయం. ఇంజిన్ అతిగా వేడెక్కితే ఏం చేస్తారు? ఆపి, చల్లారాక మూత తీస్తారు. మెకానిక్ చేతికి ఆ అలవాటే ఉంటుంది. ఇక్కడ తాళం తిప్పేసినా ఆగదు.

హోస్ట్: ఎందుకు ఆగదో కాస్త విడమరిచి చెప్పండి.

అక్క: పాలు పొంగితే పొయ్యి ఆపేస్తాం. ఇక్కడ పొయ్యి బ్యాటరీ సెల్ లోపలే ఉంది. సుమారు 80 నుంచి 120 డిగ్రీల మధ్య, సెల్‌లో మైనస్ వైపున్న ఆనోడ్ మీద ఉండే పల్చటి రక్షణ పొర విరగడం మొదలవుతుంది. అది విరగడంతోనే ఇంకొంత వేడి పుడుతుంది. 130 దాటేసరికి ప్లస్, మైనస్ వైపులు తాకకుండా మధ్యలో ఉండే పాలిథిలీన్ సెపరేటర్ కరిగిపోతుంది, సెల్ లోపలే షార్ట్ అవుతుంది. నికెల్ ఉన్న సెల్ అయితే 200 చుట్టుపక్కల ప్లస్ వైపున్న క్యాథోడ్ తనంతట తానే ఆక్సిజన్ వదులుతుంది. ఆ వేడి పక్క సెల్‌కి పాకుతుంది. బయటి నుంచి కరెంటు తీసేసినా ఈ వరుస ఆగదు. అందుకే "థర్మల్ రన్‌అవే" అన్న మాటను అలాగే ఉంచాను. స్కాన్ టూల్ తెర మీద, ట్రైనింగ్‌లో వాళ్లకి కనపడేది అదే. దాని పక్కనే ఒక వాక్యం రాశాను: "సెల్ తనంతట తానే వేడెక్కుతూ పోతుంది, కారు ఆపేసినా ఆగదు."

హోస్ట్: మొదలైందని ఎలా తెలుస్తుంది? పొగ వస్తుందా?

అక్క: ఆ "పొగ" అన్న మాట దగ్గరే చాలాసేపు ఆగిపోయాం. పొగ అని రాస్తే నల్లగా రావాలని ఎదురుచూస్తారు. చాలాసార్లు ముందు వచ్చేది తెల్లటిది, మబ్బులా ఉంటుంది. బుస్సుమనో, టప్‌మనో చప్పుడు, పెయింట్ థిన్నర్ లాంటి ఘాటు వాసన. పోనీ "ఆవిరి" అందామా అంటే, అది రేడియేటర్ ఆవిరి అనుకుని దగ్గరికి వెళ్లి వంగి చూస్తారు. అందులో హైడ్రోజన్ ఉంటుంది, కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, హైడ్రోజన్ ఫ్లోరైడ్ కూడా ఉండొచ్చు. విషం, పైగా మూసిన షెడ్డులో పోగైతే పేలుతుంది. అందుకని "తెల్లటి వాయువు: నీటి ఆవిరి కాదు, అంటుకుంటుంది, పీల్చొద్దు" అని రాశాం.

హోస్ట్: ఇదంతా మూలంలో ఉన్నదేనా, మీరు చేర్చారా?

అక్క: మంచి ప్రశ్న. అంటుకుంటుందని, విషమని మూలంలో వేరే పేజీలో ఉంది. "నీటి ఆవిరి కాదు" అన్నది లేదు. సొంతంగా కలపడానికి నాకు హక్కు లేదు. ఇంజనీర్లకి రాసి, వాళ్లు సరేనన్నాకే పెట్టాం. దూరం విషయంలోనూ అంతే. అనుమానం ఉన్న బండిని మిగతావాటికి, గోడలకి 15 మీటర్ల దూరంలో ఆరుబయట పెట్టమని చాలా మార్గదర్శకాల్లో ఉంటుంది. మూలంలో "సురక్షిత దూరం" అని మాత్రమే ఉంటే అంకె నేను వేయను, అడుగుతాను. ఆటోనగర్ షెడ్డులో ఒక్కొక్కరి సురక్షిత దూరం ఒక్కోలా ఉంటుంది.

హోస్ట్: ఆ పైన పెద్దక్షరాల్లో ఉండే మాటలు, అపాయం, హెచ్చరిక, జాగ్రత్త...

అక్క: అవి ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. తప్పించుకోకపోతే ప్రాణం పోతుంది లేదా తీవ్రమైన గాయం అవుతుంది అంటే అపాయం. పోవచ్చు, కావచ్చు అంటే హెచ్చరిక. చిన్నా చితకా గాయం కావచ్చు అంటే జాగ్రత్త. వస్తువు మాత్రమే పాడవుతుందంటే గమనిక. కింది వాక్యంలో క్రియ దానికి తగ్గట్టే ఉండాలి. పైన "హెచ్చరిక" అని పెట్టి కింద "మరణిస్తారు" అని రాస్తే రెండూ పొసగవు.

హోస్ట్: ఛార్జింగ్ కనెక్టర్ సంగతికి వద్దాం.

అక్క: కనెక్టర్ అన్న ఒక్క మాట మాన్యువల్‌లో మూడు చోట్ల తిరుగుతుంది. ఛార్జర్ కేబుల్ చివర చేత్తో పట్టుకునేది ఒకటి. కారు వైపు అది దూరే చోటు రెండోది. ప్యాక్‌కి వెళ్లే నారింజ రంగు కేబుల్ కొసన ఉండేది మూడోది. "ప్యాక్ ఉష్ణోగ్రత పెరుగుతుంటే కనెక్టర్‌ను తొలగించండి" అని రాస్తే ఏది లాగుతాడు? కరెంటు పారుతుండగా నారింజ కేబుల్ లాగితే ఆర్క్ వస్తుంది, అంటే కరెంటు గాల్లోంచి దూకి మెరుపులా మండుతుంది. ఏసీ అయితే కరెంటు సెకనుకి 100 సార్లు సున్నాకి వస్తుంది కాబట్టి ఆర్క్ తెగే వీలుంది. డీసీలో ఆ సున్నా లేదు, మండుతూనే ఉంటుంది. అందుకే వాళ్లు పిలిచే పేర్లే తీసుకున్నాం: ఛార్జింగ్ గన్, కారు సాకెట్, నారింజ కేబుల్ కనెక్టర్. పుస్తకమంతా అవే పేర్లు.

హోస్ట్: గన్ తీయడానికీ వరుస ఉంటుందిగా.

అక్క: ఉంటుంది. డీసీ ఛార్జింగ్ నడుస్తుండగా గన్ లాక్ అయి ఉంటుంది, బలంగా లాగకూడదు. ముందు ఛార్జింగ్ ఆపాలి, వినకపోతే ఛార్జర్ మీద ఎమర్జెన్సీ స్టాప్ నొక్కాలి, లాక్ వదిలాకే గన్. కానీ తెల్లటి వాయువు అప్పటికే కనపడుతుంటే గన్ జోలికే వెళ్లొద్దు. మెయిన్ స్విచ్ బండికి దూరంగా ఉంటే అక్కడ ఆపి బయటికి పోవాలి. మూలంలో ఈ మినహాయింపు ఆఖరి లైన్లో ఉంది. అడిగి మొదటి లైన్లోకి తెచ్చాం. అలా కాకపోతే మూడు మెట్లు చేసేశాక నాలుగోదానిలో "అసలు దగ్గరికి వెళ్లొద్దు" అని చదువుతాడు.

హోస్ట్: రాసింది సరిగ్గా అందిందని ఎలా తెలుసుకుంటారు?

అక్క: మెకానిక్‌తో చదివించి, కాగితం తీసేసి, "ఇప్పుడు ఏం చేస్తావు?" అని అడుగుతాం. అర్థమైందా అని అడిగితే అందరూ అయిందనే అంటారు. అలా అడిగినప్పుడే "మంట ఆరిన తర్వాత వాహనాన్ని తరలించండి" అన్నచోట దొరికాం. మంట ఆరితే పని అయిపోయిందనుకున్నారు. పౌడర్ కొడితే పైమంట పోతుంది, సెల్ లోపలి వేడి పోదు. దానికి చాలా నీళ్లు, చాలాసేపు కావాలి. గంటల తర్వాత, ఒక్కోసారి రోజుల తర్వాత కూడా మళ్లీ అంటుకుంటుంది. అదే వివరం ఇంజనీర్లకి పంపితే ఆ లైను వాళ్లే మార్చి ఇచ్చారు. ఇప్పుడు ఇలా ఉంది: "మంట కనపడకపోయినా ప్యాక్ మళ్లీ అంటుకోవచ్చు. ఫైర్ సిబ్బంది చెప్పేదాకా బండిని కదపొద్దు."

హోస్ట్: ఫైర్ వాళ్లకి ఫోన్ చేయమని కూడా ఉంటుంది కదా.

అక్క: ఉంటుంది, వేరే దేశం నంబరుతో. దాన్ని అలాగే దించేస్తే పేజీ మొత్తం వృథా. మన నంబరు 101 వేయించాం. పక్కనే ఫోన్లో చెప్పాల్సిన మాట కూడా పెట్టాం: "లిథియం బ్యాటరీ కారు, ప్యాక్ నుంచి వాయువు వస్తోంది." ఏం అంటుకుందో ముందే తెలిస్తే వాళ్లు నీళ్లు సరిపడా పట్టుకుని బయల్దేరతారు.