“చూద్దాంలే” అనే ఓనరు దగ్గర పట్టుబడి మాట

అందరికీ నమస్కారమండి. కాళ్ల, ఆకివీడు, మొగల్తూరు వైపు రొయ్యల చెరువులు చూసే సూపర్‌వైజర్లు, టెక్నీషియన్లు వచ్చారు కాబట్టి ఈ రోజు ఒక్క విషయమే మాట్లాడుకుందాం. చెరువు మీ చేతిలో ఉంటుంది, నిర్ణయం భీమవరంలోనో హైదరాబాదులోనో ఉన్న ఓనరు గారి చేతిలో ఉంటుంది. కొనుగోలుదారు చెప్పిన ధర సాయంత్రం దాకానే. మీరు ఫోన్ చేస్తే ఆయన “చూద్దాంలే” అంటారు. ఆ మాట దగ్గర ఆగిపోయిన రొయ్యల పట్టుబడి గురించే ఈ ప్రసంగం.

ముందు “చూద్దాంలే” అంటే ఏమిటో తెలుసుకోవాలి. చాలాసార్లు అది బద్ధకం కాదు. ఆయన మనసులో ఉన్న ప్రశ్నకు మీ మాటలో జవాబు దొరకలేదని అర్థం. మీరు నీటి రంగు, చెక్ ట్రే, వైబ్రియో అన్నీ చెప్పారు. ఆయన మాత్రం మేత డీలర్‌కి ఇవ్వాల్సిన బాకీ గురించి ఆలోచిస్తున్నారు.

దీన్ని పట్టుకోవడానికి తేలికైన పని ఒకటుంది. చెరువు పుస్తకం వెనక పేజీలో రెండు వారాల పాటు, మీరు మాట్లాడిన ప్రతిసారీ ఆయన అడిగిన మొదటి ప్రశ్న మాత్రం రాయండి. మొదటిది చాలు, మిగతావి మర్యాదకు అడిగేవి. “డీలర్ ఫోన్ చేశాడా?” అని నాలుగైదు సార్లు వస్తే ఆయన బెంగ డబ్బు చేతికొచ్చే తేదీ మీద. “పక్క చెరువు ఎంతకి పోయింది?” అంటే కొనుగోలుదారు మోసం చేస్తాడేమోనని అనుమానం. “చావు ఉందా?” అంటే నష్టభయం. ఒకే ఓనరుకి పంట మొదట్లో ఒకటి, తొంభయ్యో రోజుకి ఇంకొకటి ఉండొచ్చు. కాబట్టి పోయిన పంటలో రాసుకున్నది ఈ పంటకి అరువు తెచ్చుకోకండి.

తర్వాత తీరు. ఆయన చదివే మనిషా, వినే మనిషా? వాట్సాప్‌లో పది లైన్లు పంపితే బొటనవేలి గుర్తు ఒకటి వచ్చి ఊరుకుంటే ఆయన వినే మనిషి. ఫోన్ చేస్తే “కాగితం మీద పెట్టవయ్యా” అంటే చదివే మనిషి. వేళ కూడా చూడాలి. తెల్లవారుజామున ఆక్సిజన్ తక్కువగా ఉంటుంది, ఆరింటి మేత వేసిన రెండు గంటలకి చెక్ ట్రే చూస్తారు. అంటే ఎనిమిదిన్నరకి మీ దగ్గర పక్కా సమాచారం ఉంటుంది. ఆరున్నరకే ఫోన్ చేసి, అడిగినదానికి “ఇంకా చూడలేదండి” అన్నారంటే ఆ రోజుకి నిర్ణయం పోయినట్టే.

ఇప్పుడు ఒక చెరువు లెక్క చూద్దాం. ధరలు ఉదాహరణకి అనుకున్నవి, మీరు ఆ రోజు ధర వేసుకోండి. వనామి, 50 కౌంట్, అంటే కిలోకి 50, ఒక్కోటి 20 గ్రాములు. రోజుకి 100 కిలోల మేత, శరీర బరువులో రెండున్నర శాతం తింటున్నాయనుకుంటే నీళ్లలో సుమారు 4 టన్నులు, అంటే 2 లక్షల రొయ్యలు. 50 కౌంట్ ధర కిలో 330, 40 కౌంట్ ధర 390 అనుకుందాం. ఇప్పుడు పట్టేస్తే 13 లక్షల 20 వేలు. రోజుకి పావు గ్రాము పెరిగితే 25 గ్రాములకి, అంటే 40 కౌంట్‌కి, 20 రోజులు. ఒక్కటీ చావకపోతే 5 టన్నులు, 19 లక్షల 50 వేలు. ఈ 20 రోజుల మేత, కరెంటు, మందులు, కూలీ కలిపి 3 లక్షల 25 వేలు అనుకోండి. ఆ ఖర్చు పోను, ఇప్పుడు పట్టేస్తే వచ్చేదానికంటే సుమారు 3 లక్షలు ఎక్కువ.

చాలామంది ఇక్కడ ఆగి “ఉంచితే 3 లక్షలు వస్తాయండి” అంటారు. ఓనరు నమ్మరు, నమ్మకూడదు కూడా. ఆయనకి కావలసిన అంకె వేరు. ఆగినందుకు అయ్యే అదనపు ఖర్చు పోను ఈ రోజు వచ్చేంత డబ్బు మిగలాలంటే 16 లక్షల 45 వేలు రావాలి. కిలో 390 చొప్పున అది దాదాపు 4,220 కిలోలు, 25 గ్రాముల లెక్కన ఒక లక్షా 69 వేల రొయ్యలు. అంటే ఈ 20 రోజుల్లో 15 శాతం కంటే ఎక్కువ చచ్చిపోతే ఆగినందుకు చేతినుంచి పడుతుంది. అదే 20 శాతం పోతే దాదాపు 85 వేలు నష్టం. ఈ లెక్కలో 40 కౌంట్ ధర పడిపోవడం లేదు, అది కూడా ఉంటే హద్దు ఇంకా దిగుతుంది.

ఇప్పుడు నష్టభయం ఉన్న ఓనరుకి చెప్పే మాట ఇలా ఉండాలి: “అండీ, 20 రోజులు ఆగితే చావు 15 శాతం లోపు ఉంటేనే గిట్టుబాటు. ఇవాళ ట్రేలో మేత మిగిలింది, గట్టు వారన నిన్న 12, ఇవాళ 30 చచ్చినవి కనబడ్డాయి. ఇవాళ పట్టేద్దామని నా మాట. వ్యాపారి 330 సాయంత్రం అయిదింటి వరకే అన్నాడు. సరేనంటే వలవాళ్లకి, ఐసుకి చెప్పేస్తాను.” డబ్బు తేదీ బెంగ ఉన్నాయనకి అదే లెక్క తలకిందులుగా మొదలవ్వాలి: “ఇవాళ పట్టితే డీలర్‌కి ఇంత ఇచ్చాక ఇంత మిగులుతుంది, డబ్బు ఫలానా రోజుకి చేతికొస్తుంది.” అనుమానం ఉన్నాయనకి ముగ్గురు కొనుగోలుదారుల ధరలు, ఫోన్ చేసిన టైముతో సహా ముందే చెప్పాలి. లెక్క మారదు, మొదటి వాక్యం మాత్రం మారుతుంది.

ఈ పద్ధతి ఎక్కడ తిరగబడుతుందో కూడా చెప్పాలి. “అయిదింటి లోపు చెప్పకపోతే పట్టేస్తానండి” అని మెసేజ్ పెట్టడం అన్నిటికంటే ప్రమాదం. అలా మౌనాన్ని ఒప్పుదలగా తీసుకున్నారంటే ఆ తర్వాత చిన్న విషయానికీ తన సంతకం ఉండాలంటారు ఆయన. ఆయన బావమరిదితో చెప్పించడం కూడా అంతే, ఒకసారి పని జరిగినా మీ మాటకి విలువ పోతుంది. ఇంకొకటి, అమావాస్య, పౌర్ణమి దగ్గర రొయ్యలు కుబుసం విడుస్తాయని మీకు తెలుసు. మెత్తటి రొయ్యకి వ్యాపారి కోత పెడతాడు. ఆ కోత లెక్కలో చూపించకుండా ఒప్పించారనుకోండి, గట్టు మీద కాటా వేసేటప్పుడు ఆయనకి తెలిసిపోతుంది. అక్కణ్ణుంచి మీ ప్రతి అంకెనీ రెండోసారి అడుగుతారు.

అన్నింటికీ అడగాల్సిన అవసరం లేకుండా చేసుకోవడం మేలు. చెరువు బాగున్న రోజుల్లో, తీరిగ్గా కూర్చుని కొన్ని హద్దులు ముందే ఒప్పించుకోండి. ఉదాహరణకి కరిగిన ఆక్సిజన్ 3 పీపీఎమ్‌కి తగ్గితే ఆయన్ని లేపకుండానే ఏరేటర్లన్నీ వేసి, మేత ఆపి, ఆక్సిజన్ మాత్రలు చల్లడం. ఫలానా మొత్తం లోపు మందులకి మీదే నిర్ణయం. ఆ రెండు వాక్యాలు చెరువు పుస్తకంలో రాసి ఆయన చేత పొడి సంతకం పెట్టించండి. ఇలాంటివి రాత్రి రెండింటికి అడిగితే ఎవరైనా “చూద్దాంలే” అనే అంటారు.

తీరు అర్థం చేసుకుని మసలుకోవడానికీ ఒక గీత ఉంది. ఆయన వేగంగా నిర్ణయించి “క్లోరాంఫెనికాల్ కలుపు” అంటే అది తీరు సమస్య కాదు. అది నిషేధించిన యాంటీబయాటిక్, విదేశంలో పరీక్షలో దొరికితే సరుకు మొత్తం వెనక్కి వస్తుంది. అక్కడ “నేను వెయ్యనండి” అన్నదే జవాబు.

చివరిగా, పట్టుబడి అయ్యాక పుస్తకంలో రెండు అంకెలు పక్కపక్కన రాయండి: మీరు అన్న టన్నులు, కాటా చెప్పిన టన్నులు. వల విసిరి చూసిన అంచనా ఎంత జాగ్రత్తగా వేసినా తేడా వస్తుంది, అందుకే నాలుగు మూలలా, మధ్యలోనూ విసరమంటాం. 300 కిలోలు తక్కువ వస్తే ఆయన అడగకముందే మీరే ఫోన్ చేసి చెప్పండి, ఎందుకు తక్కువొచ్చిందో కూడా. వచ్చే పంటలో మీరు “15 శాతం” అన్నప్పుడు ఆయన గుర్తుచేసుకునేది ఆ ఫోన్‌నే. ప్రశ్నలుంటే అడగండి.