ఆకలి లేదని మానేసిన రెండు పూటలు

నమస్కారం అండీ. బరువు తగ్గడానికి వారానికోసారి ఇంజెక్షన్ వేసుకునేవాళ్లకి ఏం తినాలో, ఎలా తినాలో చెప్పడం డైటీషియన్‌గా నా పని. సెమాగ్లూటైడ్ అయినా, టిర్జెపటైడ్ అయినా నా దగ్గరకొచ్చేవాళ్లు ఎక్కువగా చెప్పేవి మూడే: వికారం, నాలుగు ముద్దలకే పొట్ట నిండిపోవడం, మోషన్ రాకపోవడం. వీటిని మూడు వేరు వేరు సమస్యలుగా చూస్తే దారి దొరకదు, ఎందుకంటే ఒకటి ఇంకోదాన్ని లాక్కొస్తుంది. అదెలాగో ఒకావిడ విషయంలో జరిగింది చెబుతాను.

ఆవిడ సెమాగ్లూటైడ్ 0.25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, నాలుగు వారాలకి 0.5కి, ఇంకో నాలుగు వారాలకి 1 మిల్లీగ్రాముకి వెళ్లారు. అప్పటిదాకా పెద్ద ఇబ్బంది లేదు. డోసు పెంచిన మర్నాడు ఆకలి అసలు వేయలేదు, సరే మంచిదే కదా అని పొద్దున, మధ్యాహ్నం ఏమీ తినలేదు. రాత్రి తొమ్మిదికి నీరసం వచ్చి, ఎప్పుడూ తినేంత భోజనం, అందులో వేపుడు కూడా, గబగబా తినేసి అరగంటలో పడుకున్నారు. అర్ధరాత్రి దాటాక వాంతులు. ఆ భయంతో మర్నాడంతా నీళ్లు కూడా సరిగ్గా తాగలేదు. నాలుగో రోజుకి మోషన్ లేదు, పొట్ట బిగిసిపోయింది, దాంతో వికారం ఇంకా ఎక్కువైంది.

ఈ మందు మెదడులో ఆకలిని తగ్గించడంతో పాటు పొట్టలోంచి ఆహారం కిందికి దిగడాన్ని కూడా నెమ్మదింపజేస్తుంది. మందు కొత్తలోనూ, డోసు పెంచినప్పుడూ ఇది బాగా తెలుస్తుంది. పొట్ట నెమ్మదిగా ఖాళీ అవుతున్నప్పుడు పాత లెక్కలో తింటే, అదీ నూనె ఎక్కువున్నది తింటే, ఎందుకంటే కొవ్వు పదార్థాలు మామూలుగానే పొట్టలో ఎక్కువసేపు ఉంటాయి, అది గంటల తరబడి అక్కడే కూర్చుంటుంది. ఆవిడ పొట్ట పాడైందేమీ లేదు, రెండు పూటలది ఒక్కసారే దానిమీద పడింది, అంతే.

అందుకే నేను మొదట మార్చింది ఏం తినాలన్నది కాదు, ఎప్పుడు, ఎంత తినాలన్నది. ఆకలి కోసం ఎదురుచూడొద్దు, ఈ మందు మీద ఉన్నప్పుడు అది నమ్మదగ్గ గుర్తు కాదు. గడియారం చూసి మూడు నాలుగు గంటలకోసారి తినండి, మామూలుగా తినేదాంట్లో సగం పెట్టుకోండి. ముందు గుడ్డో పెరుగో, ఏదో ఒక ప్రొటీన్ తినేయండి, నిండిపోయి ఆపేసినా అవసరమైనది లోపలికి వెళ్లి ఉంటుంది. తినడానికి ఇరవై నిమిషాలైనా తీసుకోండి. చిన్న తేన్పు రావడం, ముద్ద నోట్లోనే తిరుగుతూ ఉండడం, ఛాతీ కింద బరువుగా అనిపించడం, ఇవే ఆపమని చెప్పే గుర్తులు. ఆ తర్వాత తినే మూడు ముద్దలే చాలామందికి వికారం తెస్తాయి, కంచంలో మిగిలిపోతుందని తినేయకండి. ఇంజెక్షన్ రోజు, ఆ తర్వాత రెండు రోజులు వేపుళ్లు పక్కన పెట్టండి, తిన్నాక రెండు గంటలైనా పడుకోవద్దు.

ఇక మోషన్ సంగతి. తిండి తగ్గితే పీచు తగ్గుతుంది, తిండితో వచ్చే నీరు కూడా తగ్గుతుంది, పైగా పేగుల కదలిక కూడా నెమ్మదిస్తుంది. ఆవిడ ఎవరో చెప్పారని రెండు చెంచాల ఇసబ్‌గోల్ అరగ్లాసు నీళ్లలో తాగారు, పొట్ట ఇంకా ఉబ్బింది. నీళ్లు చాలకుండా పీచు ఒక్కసారే పెంచితే అంతే అవుతుంది. ముందు నీళ్లు సరిచేసుకోండి: ఒక లీటరు సీసా పెట్టుకుని రోజుకి రెండుసార్లు ఖాళీ చేయండి, గుక్కగుక్కగా, భోజనానికీ భోజనానికీ మధ్యలో. భోజనంతో పాటు పెద్ద గ్లాసుడు తాగితే ఉన్న చోటంతా నీళ్లే నింపేస్తాయి. (గుండె, కిడ్నీ జబ్బులతో నీళ్లకి పరిమితి ఉన్నవాళ్లు డాక్టర్ చెప్పిన లెక్కే పాటించాలి.) ఆ తర్వాత ఉడికించిన కూరగాయలు, పండ్లు వారం పది రోజుల్లో కొంచెం కొంచెంగా పెంచండి. పెద్ద గిన్నెడు పచ్చి సలాడ్ ఇప్పుడు వద్దు.

ఇవన్నీ చేసినా తగ్గకపోతే ఓర్చుకుంటూ కూర్చోకండి. విరేచనం సులువుగా అయ్యే మందు ఇవ్వొచ్చు, లేదా అదే డోసులో ఇంకో నెల ఉంచొచ్చు, డాక్టర్‌ని అడగండి. ఇన్సులిన్ గానీ షుగర్ పడిపోయేలా చేసే మాత్రలు గానీ వాడుతున్నవాళ్లు తినలేకపోతున్న రోజే ఫోన్ చేయాలి. నీళ్లు కూడా నిలవనంతగా వాంతులైనా, మూత్రం బాగా తగ్గినా, పొట్ట పైభాగంలో తగ్గని తీవ్రమైన నొప్పి వచ్చినా, అది వీపులోకి పాకినా, పొట్ట ఉబ్బి గ్యాస్ కూడా పోకపోయినా, అది తిండి మార్చి చూసే సమయం కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఆవిడకి డాక్టర్ ఆ నెల డోసు పెంచలేదు. మూడో వారానికి మోషన్ రెండు రోజులకోసారి మెత్తగా అవుతోందని, ఇంజెక్షన్ మర్నాడు మధ్యాహ్నం మాత్రం కాసేపు వికారంగా ఉంటోందని చెప్పారు. ఆ పూట కొంచెం పెరుగు, ఒక అరటిపండుతో సరిపెట్టుకుంటున్నారట.