చీకటి ఎక్కువగా ఉన్నంత మాత్రాన కియారోస్కూరో కాదు

నిర్వాహకురాలు: నమస్కారం. వెలుగునీడలతో ఆకారానికి లోతు తెచ్చే చిత్రణ పద్ధతిని కియారోస్కూరో అంటారు కదా. మరి నలుపు ఎక్కువగా కనిపించే ప్రతి చిత్రాన్నీ అలా అనడం సరైనదేనా అండీ?

అతిథి: కాదండీ. చీకటి ఎంత ఉందన్నది ముఖ్యం కాదు, వెలుగు నుంచి నీడలోకి సాగే క్రమం ఆకారానికి గుండ్రదనాన్నీ లోతునూ ఇస్తోందా అన్నదే ముఖ్యం. అస్తమిస్తున్న సూర్యుడికి అడ్డంగా నిలబడిన మనిషి నల్లని ఆకారంగా కనబడితే, తేడా ఎంత తీవ్రంగా ఉన్నా ముఖం చదునుగానే ఉంటుంది కాబట్టి, దాన్ని కియారోస్కూరో అనలేము.

నిర్వాహకురాలు: ఒక చిత్రాన్ని తీసుకుని వివరిస్తారా?

అతిథి: ఇటలీ చిత్రకారుడు కారవాజ్జో 1599–1600లో రోమ్‌లోని శాన్ లూయిజీ దెయ్ ఫ్రాంచేజీ చర్చి కోసం చిత్రించిన ‘సెయింట్ మాథ్యూకు పిలుపు’ను చూద్దాం. బల్ల చుట్టూ కూర్చుని డబ్బు లెక్కపెడుతున్న వారివైపు, కుడిపక్క నిలబడిన క్రీస్తు చెయ్యి చాపుతాడు. బొమ్మలో ఒక కిటికీ ఉంది, కానీ గదిలోకి వెలుగు దానిలోంచి రావడం లేదు. అది కుడివైపు పైనుంచి, మనకు కనబడని చోటు నుంచి ఏటవాలుగా పడుతోంది. ఈ చిత్రం ప్రార్థనా మందిరపు ఎడమ గోడపై ఉండటం వల్ల, పూజావేదిక పైనున్న అసలు కిటికీ కూడా ఆ దిశలోనే ఉంటుంది. నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది, క్రీస్తు దేహం దాదాపు అంతా చీకట్లోనే ఉండటం. ముఖంలో కొంత భాగమూ ఆ చెయ్యీ మాత్రమే వెలుగులో ఉన్నాయి, మన చూపు ఆ చేతి వెంటే మాథ్యూ దాకా వెళుతుంది.

నిర్వాహకురాలు: మరి ఫోటోలో దీన్ని ఎలా గుర్తించాలి?

అతిథి: ముందుగా కళ్లు సగం మూసి చూస్తే, చిన్న వివరాలు పోయి వెలుగు, నీడల పెద్ద ముక్కలే మిగులుతాయి. ఆ తరువాత చెంప దగ్గర ఆగాలి. అక్కడ వెలుగు ఒక్కసారిగా తెగిపోకుండా, మధ్యస్థమైన ఛాయ గుండా నీడలోకి జారుకోవాలి. ముక్కు నీడ చెంప నీడతో కలిసి, చీకటి వైపు కంటి కింద చిన్న వెలుగు త్రికోణం మిగిలితే, దాన్ని ఫోటోగ్రాఫర్లు రెంబ్రాంట్ లైటింగ్ అంటారు. ముక్కుకు రెండు వైపులా నీడలు పడితే, రెండో దీపం ఉన్నట్టే.

నిర్వాహకురాలు: తీసేవారు ఎక్కడ పొరబడతారు?

అతిథి: నేపథ్యం చీకటిగా ఉంటే, కెమెరా తనంతట తాను దృశ్యమంతటినీ ప్రకాశవంతం చేయబోతుంది, దాంతో వెలుగు పడిన చెంప తెల్లగా పాలిపోతుంది. అందుకని ఆ చెంప మీదే వెలుగు కొలత తీసుకుని ఎక్స్‌పోజర్ నిర్ణయించాలి. మామూలుగా తీసిన ఫోటోలో తరువాత కాంట్రాస్ట్ పెంచితే నలుపు వస్తుంది గానీ, మధ్యఛాయలు నశించి ముఖం కత్తిరించి అతికించినట్టు కనబడుతుంది. నీడ మరీ గాఢంగా ఉందనిపిస్తే, రెండో దీపం వెలిగించకుండా, చీకటి వైపు ఒక తెల్లని అట్టను నిలబెట్టి, దాన్ని కొంచెం కొంచెంగా దగ్గరకు జరుపుతూ చూడటం మేలు.